వీడియో నిడివి ఎంత ఉండాలి? గ్రాఫ్‌లో మెలిక ఎక్కడుందో చూడండి

ప్రశ్న: బీకామ్ మూడో ఏడాది చదువుతున్నాను. తెలుగులో ఎక్సెల్ పాఠాలు చెప్పే యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నాను. చిన్న వీడియోలను జనం 60 శాతం దాకా చూస్తున్నారు, పెద్దవాటిని 25 శాతం కూడా చూడటం లేదు. ఇకపై అన్నీ మూడు నిమిషాల్లోనే ముగించాలా? వీడియో అనలిస్ట్ ఉద్యోగానికి వెళ్తే ఈ పని చూపించుకోవచ్చా?

జవాబు: శాతం ఒక్కటే చూసి నిడివి తగ్గించకండి. నిడివి పెరిగితే చూసిన శాతం దాదాపు ఎప్పుడూ తగ్గుతుంది. ఆ తగ్గుదల ఎక్కడ మామూలుగా ఉంది, ఎక్కడ నుంచి దండగ మొదలైంది అన్నదే మీరు తేల్చాల్సింది.

యూట్యూబ్ స్టూడియోలో Analytics తెరిచి Advanced mode లోకి వెళ్లండి. వీడియోల జాబితాకు Average percentage viewed, Average view duration, Views కాలమ్‌లు చేర్చి, గూగుల్ షీట్స్‌లోకి ఎగుమతి చేయండి. ప్రతి వీడియో నిడివిని సెకన్ల నుంచి నిమిషాల్లోకి మార్చుకోండి. షార్ట్స్ వరసలు తీసేయండి. అవి మళ్లీ మళ్లీ తిరుగుతాయి కాబట్టి శాతం వంద దాటిపోయి గ్రాఫ్‌ను పాడు చేస్తాయి. వంద వ్యూస్ కూడా రాని వీడియోలనూ పక్కన పెట్టండి. ఇద్దరు ముగ్గురు చివరిదాకా చూస్తే చాలు, వాటి సగటు మారిపోతుంది. మిగిలినవాటిలో ఒకే రకం పాఠాలు మాత్రమే ఉంచండి. ‘వీలుకప్‌లో తప్పు ఎందుకొస్తోంది’ అని వెతికి వచ్చినవాడు జవాబు దొరగ్గానే వెళ్లిపోతాడు, జీతాల షీట్ మొత్తం నేర్చుకోవాలని వచ్చినవాడు కూర్చుంటాడు. ఇద్దరినీ ఒకే గ్రాఫ్‌లో కలిపితే ఏమీ అర్థం కాదు.

ఇప్పుడు స్కాటర్ చార్ట్ గీయండి. అడ్డంగా నిడివి, నిలువుగా చూసిన శాతం. లెక్క తెలియడానికి ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ చెబుతాను. 3 నిమిషాల వీడియోను 62 శాతం చూశారు, 5 నిమిషాలదాన్ని 54, 7 నిమిషాలదాన్ని 49, 9 నిమిషాలదాన్ని 44, 12 నిమిషాలదాన్ని 33, 16 నిమిషాలదాన్ని 24. గీత మొదటి నుంచీ కిందికే పోతోంది. దీన్ని చూసే మీలాంటివాళ్లు మూడు నిమిషాలే మేలనుకుంటారు.

కానీ శాతాన్ని నిడివితో గుణించి చూడండి. ఒక్కొక్కరు సగటున చూసింది వరసగా 1:52, 2:42, 3:26, 3:58, 3:58, 3:50 అవుతుంది. అంటే తొమ్మిది నిమిషాల దాకా మీరు పెంచిన ప్రతి నిమిషంలో కొంత భాగం చూశారు. ఆ తర్వాత కలిపిన మూడు నిమిషాలకు సగటు ఒక్క సెకను కూడా పెరగలేదు. జనం ఎంత నిడివి ఉన్నా నాలుగు నిమిషాలే చూసి వెళ్లిపోతుంటే 12 నిమిషాలకు 33, 16 నిమిషాలకు 25 శాతం రావాలి. మన ఉదాహరణలోనూ దాదాపు అవే వచ్చాయి. సగటు పెరగడం ఆగిన తొమ్మిది నిమిషాల దగ్గరే మెలిక ఉంది. ఈ రకం పాఠానికి ఎనిమిది, తొమ్మిది నిమిషాలు సరిపోతాయి.

అయితే నిడివి తగ్గించే ముందు 12 నిమిషాల వీడియోల్లో ఏ క్షణానికి ఎంతమంది మిగిలారో చూపే రిటెన్షన్ గ్రాఫ్ తెరవండి, ఎందుకంటే సగటు మోసం చేస్తుంది. పదిమందిలో ఆరుగురు మొదట్లోనే పదో వంతు చూసి వెళ్లి, మిగిలిన నలుగురు 68 శాతం చూసినా సగటు 33 శాతమే వస్తుంది. అలాంటప్పుడు తప్పు నిడివిది కాదు, మొదటి నిమిషంలో మీరు చెప్పిన పరిచయానిది. అక్కడ కోత పెట్టండి, పాఠం జోలికి పోకండి. గీత మెల్లగా దిగుతూ ఏడెనిమిది నిమిషాల దగ్గర ఒక్కసారిగా పడితేనే నిడివి ఎక్కువైందని అనుకోవచ్చు.

ఇంకో చిక్కు, వీడియోల వయసు. రెండేళ్ల పాతదాన్ని నిన్నటిదానితో పోల్చకూడదు, ప్రతిదానికీ మొదటి 28 రోజుల అంకెలే తీసుకోండి. ట్రాఫిక్ సోర్స్ కూడా విడదీయండి. సెర్చ్ నుంచి వచ్చినవారు, హోమ్ పేజీలో కనబడి నొక్కినవారు వేరుగా చూస్తారు.

వీడియో కనీసం 8 నిమిషాలు ఉంటేనే మధ్యలో ప్రకటనలు పెట్టుకోవచ్చు. అందుకని ఆరు నిమిషాల పాఠాన్ని సాగదీసేవాళ్లు చాలామంది. మీ గ్రాఫ్ ఆరు దగ్గరే మెలిక తిరిగితే సాగదీయడం నష్టమే.

ఇది ఒక్క రకం పాఠంపై వచ్చిన అంచనా మాత్రమే, కాబట్టి పరీక్షించాలి. తర్వాతి ఆరు పాఠాలను ఎనిమిది, తొమ్మిది నిమిషాల్లో, అదే తరహా టైటిల్‌తో, అదే తరహా థంబ్‌నెయిల్‌తో వేయండి. 28 రోజుల తర్వాత సగటు నాలుగు నిమిషాల దగ్గరే ఉంటే మీ మాట నిలిచినట్టు. మూడుకు పడితే కారణం ఇంకోటి వెతకాలి.

ఉద్యోగానికి వెళ్లేటప్పుడు వ్యూస్ స్క్రీన్‌షాట్‌లు కాదు, ఒక్క పేజీ తీసుకెళ్లండి. అందులో ఆ గ్రాఫ్, కింద చూసిన నిమిషాల వరస, ఏయే వీడియోలు ఎందుకు తీసేశారో రెండు వాక్యాలు, ఆరు వీడియోల పరీక్ష ఫలితం ఉండాలి. ఫలితం మీ అంచనాకు విరుద్ధంగా వచ్చినా అలాగే పెట్టండి. ‘ఈ చుక్కలు ఎందుకు వదిలేశారు?’ అని ఇంటర్వ్యూలో అడగవచ్చు, దానికి జవాబు చెప్పగలగాలి.