పొందూరు ఖద్దరు డాక్యుమెంటరీకి స్క్రిప్టు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: పొందూరు ఖద్దరు మీద పన్నెండు నిమిషాల డాక్యుమెంటరీ తీస్తున్నాను. ఇంటర్వ్యూలు చాలా ఉన్నాయి, పాత దృశ్యాలు కొన్ని దొరికాయి, వ్యాఖ్యానం రాయడం మొదలుపెట్టాను. ఈ మూడింటినీ స్క్రిప్టులో ఎలా కలపాలి?

జవాబు: వ్యాఖ్యానం కొంతకాలం పక్కన పెట్టండి. చేనేత మీద తీసిన చిన్న చిత్రాలకు నేను స్క్రిప్టులు రాశాను. అన్నింటిలోనూ వ్యాఖ్యానాన్ని చివరనే రాశాను. ముందు రాస్తే అది వ్యాసమైపోతుంది, వడికే మనుషుల మాటలు దానికి సాక్ష్యాలుగా మిగిలిపోతాయి.

మొదట ఇంటర్వ్యూలన్నీ టైంకోడ్‌తో సహా కాగితం మీదికి ఎక్కించండి. వాళ్ళ యాసను పుస్తక భాషలోకి మార్చకండి. మార్చితే ఏ వాక్యం ఎంతసేపు పడుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకున్నారో తెలియక ఎడిటింగులో తప్పు చోట కోస్తారు. పనికివచ్చే మాటల ముక్కలను, అంటే బైట్లను, ఒక్కొక్కటి ఒక్కో చీటీ మీద రాసి నేల మీద పరిచి వరుస కుదర్చండి. ఆ వరుసలో బైట్లు మాత్రమే పైకి చదివి, ఊరు తెలియని ఒకరికి వినిపించండి. వాళ్ళు ఎక్కడ ఆపి ప్రశ్న అడుగుతారో, వ్యాఖ్యానం అవసరమైన చోటు అదే.

మన భాషలో ఇక్కడ ఒక చిక్కు ఉంది. పత్తి దువ్వే చేప ఎముకను చూపించి "దీనితో ఏం చేస్తారమ్మా?" అని అడిగితే "దువ్వుతామండి" అని ఊరుకుంటారు. మీ ప్రశ్నను కోసేశాక ఆ జవాబు ఒంటరిగా నిలబడదు. "ఈ ఎముక గురించి మొదటినుంచి చెప్పండి" అని అడిగితే కర్త, కర్మ ఉన్న పూర్తి వాక్యాలు వస్తాయి.

ఒక ఘట్టం రాసి చూపిస్తాను. పొందూరులో పత్తిని గింజ తీయకముందే వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకున్న సన్నని పళ్ళు చెత్తను తీసేసి పోగులను సరిచేస్తాయి. స్క్రిప్టులో ఎడమ వైపు చిత్రం, కుడి వైపు ధ్వని ఉంటాయి. ఇక్కడ ఒకదాని కింద ఒకటిగా ఇస్తున్నాను.

చిత్రం: బాగా దగ్గరగా, పత్తి మీద నడిచే ఎముక. ధ్వని: గీకుడు శబ్దం మాత్రమే, 12 సెకన్లు.

బైట్, వడికే అమ్మ, కెమెరా మెమరీ కార్డు 3, 14:22 నుంచి 14:34 వరకు: "మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. పళ్ళు అరిగిపోతే చెత్త ఉండిపోతుంది, వడికేటప్పుడు దారం తెగుతుంది."

వ్యాఖ్యానం, 6 సెకన్లు: "అది వాలుగ చేప దవడ. గింజ తీయడం దీని తర్వాతే."

చిత్రం: ఏకులు, తర్వాత రాట్నం, కదురు. ధ్వని: రాట్నం చప్పుడు, 15 సెకన్లు.

దువ్వుతున్నారని వ్యాఖ్యానం చెప్పలేదు, అది తెరమీద కనిపిస్తోంది. ఎందుకు దువ్వాలో ఆమె చెప్పింది. వ్యాఖ్యానం చెప్పినవి రెండే: ఆ ఎముక ఏమిటి, పనిలో దాని వరుస ఏది. తెలుగు వ్యాఖ్యానం నిమిషానికి తొంభై మాటలు దాటితే నా చెవికి పరుగులా వినిపిస్తుంది. గడియారం పెట్టుకుని పైకి చదివాకే స్క్రిప్టులో నిడివి రాయండి.

పాత దృశ్యాల దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. ఖద్దరు మీద దొరికే పాత ఫిల్ముల్లో మడిచి పెట్టుకునే పెట్టె చరఖా, ఒకటికి మించి కదుళ్ళున్న అంబర్ చరఖా తరచుగా కనిపిస్తాయి. పొందూరు సన్ననూలు పేరు తెచ్చుకున్నది ఒంటి కదురు ఉన్న పెద్ద చక్రపు రాట్నం మీద. "పొందూరులో ఆనాడు" అనే మాట కింద పెట్టె చరఖా వేస్తే, తెలిసినవాళ్ళు మొదటి చూపులోనే పట్టేస్తారు, ఆ తర్వాత మీరు చెప్పే నిజాన్నీ అనుమానిస్తారు. అందుకే స్క్రిప్టులో ప్రతి పాత దృశ్యం పక్కన ఇవి రాయండి: ఎక్కడ, ఏ సంవత్సరం, ఎవరి దగ్గర ఉంది, ఎన్ని సెకన్లు కావాలి, అనుమతి వచ్చిందా. వీటితో పాటు అది పొందూరుదేనా, లేక ఆ కాలాన్ని చూపడానికి మాత్రమేనా అన్నది తప్పకుండా ఉండాలి. రెండోదైతే తెరమీద చోటు, సంవత్సరం వేయండి. మన చట్టం ప్రకారం సినిమాకు కాపీరైట్ విడుదల తర్వాతి సంవత్సరం నుంచి అరవై ఏళ్ళు. అది తీరిపోయినా, మంచి కాపీ కోసం దాన్ని భద్రపరిచిన సంస్థకు రుసుము కట్టవలసి రావచ్చు. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

ఊరి సొంత దృశ్యాలు దొరకకపోతే దిగులుపడకండి. ఇళ్ళలో పెళ్ళి ఫొటోలు, నూలు ఇచ్చి కూలి తీసుకున్న పాత చిట్టాలు ఉంటే నాకు అవే ఎక్కువ విలువైనవి. వాటిని స్కాన్ చేసి ఊరుకోకుండా, ఆ ఇంటి మనిషి పేజీ తిప్పుతుండగా తీయండి. కూలి అంకె మీద ఆమె వేలు ఆగినప్పుడు ఏమంటుందో అదే బైట్. "అంతరించిపోతోంది" అనే మాట వ్యాఖ్యానంలో రాయనక్కరలేదు, ఆ చిట్టాలోని కూలికీ ఇవాళ్టి కూలికీ మధ్య తేడాను, తన కూతురు ఈ పని ఎందుకు నేర్చుకోలేదన్న సంగతిని ఆమె నోటితోనే చెప్పించండి. కూతురితో కూడా విడిగా మాట్లాడండి, ఆమె కారణాలు తల్లి చెప్పినవే కాకపోవచ్చు.