ప్రాజెక్టు పోస్టు ఎన్నాళ్లుంటుందో చేరకముందే లెక్కేసుకోవడం

ప్రశ్న: ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ అయింది, వైజాగ్‌లోనే ఉంటాను. రీసెర్చ్ ప్రాజెక్టుల జేఆర్‌ఎఫ్ యాడ్లలో "మొదట ఏడాది, పొడిగించే అవకాశం ఉంది" అని రాస్తున్నారు. ఇలాంటివి ఎక్కడ వెతకాలి? అసలు ఎన్నాళ్లు నడుస్తాయో ఎలా తెలుస్తుంది?

జవాబు: వెతకడం తేలికేనండి. లాసన్స్ బే కాలనీలోని ఎన్‌ఐఓ కేంద్రం ప్రకటనలు nio.res.in లో, పాండురంగాపురంలోని సీఎంఎఫ్‌ఆర్‌ఐ ప్రకటనలు cmfri.org.in లో వస్తాయి. ఏయూలో మాత్రం ఒక్కోసారి డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డే ముందు చెబుతుంది. నేను ఏయూలో ప్రాజెక్టులో పనిచేసినప్పుడు గమనించిందేంటంటే, పాత జేఆర్‌ఎఫ్ పీహెచ్‌డీకో ఉద్యోగానికో వెళ్లిపోతున్నాడన్న కబురు యాడ్ కంటే ముందే క్యాంటీన్‌కు చేరుతుంది.

ఇక కాలం సంగతి. యాడ్‌లో ఉన్న "ఏడాది" మీ నియామకానిది, ప్రాజెక్టుది కాదు. అడగాల్సింది ప్రాజెక్టు మొదలైన తేదీ. ఉదాహరణకు మూడేళ్ల ప్రాజెక్టు 2023 డిసెంబరు 15న మొదలైందనుకోండి, 2026 డిసెంబరు 14తో అయిపోతుంది. యాడ్ 2025 అక్టోబరులో వచ్చి, ఇంటర్వ్యూ, ఆర్డరు అన్నీ అయ్యేసరికి డిసెంబరు మధ్య. అంటే మీకు మిగిలేది సరిగ్గా ఆ ఏడాదే. "పొడిగించే అవకాశం" అన్న మాటకు అక్కడ చోటే లేదు.

"గడువు పెంచుకుంటాంలే" అని ప్రాజెక్టు నడిపే పీఐ అనొచ్చు. ఆ పెంపు సాధారణంగా కాలానికే, కొత్త డబ్బు రాదు. జీతాల పద్దులో మిగులు ఉంటేనే మీకు పనికొస్తుంది. మీకంటే ముందు ఆ పోస్టు ఆరు నెలలు ఖాళీగా ఉందనుకోండి. జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 చొప్పున, హెచ్‌ఆర్‌ఏ పక్కన పెట్టినా 2,22,000 మిగలాలి. అది నిజంగా చేతిలో ఉందో, మార్చి 31కి ఖర్చుకాని సొమ్ముగా వెనక్కి పోయిందో అడగాలి. కొన్ని పథకాల్లో అలా పోతుంది, మళ్లీ రావడం ఫండింగ్ ఏజెన్సీ దయ.

పోస్టు ఉన్నా నెలనెలా డబ్బు రావడం వేరే కథ. గ్రాంటు వాయిదాల్లో వస్తుంది. గత ఏడాది డబ్బు దేనికిచ్చారో దానికే వాడామని చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్, ఖర్చుల లెక్క వెళ్లాకే తర్వాతి వాయిదా. అది అకౌంట్స్‌లోనో ఆడిట్ సంతకం దగ్గరో ఆగితే మీ ఫెలోషిప్ కూడా ఆగుతుంది. ఏప్రిల్ తర్వాత నాకు కొన్ని నెలలు ఏమీ పడలేదు, తర్వాత అరియర్స్‌తో కలిపి ఒకేసారి పడింది. ఈలోగా రూమ్ అద్దె ఇంటి నుంచే వచ్చింది. ఎంవీపీలో ఓనరుకు యుటిలైజేషన్ సర్టిఫికెట్ అంటే ఏం అర్థమవుతుంది!

ఇంటర్వ్యూలో "సార్, ప్రాజెక్టు ముగింపు తేదీ ఎప్పుడు? ఈ ఏడాది వాయిదా వచ్చిందా?" అని నేరుగా అడగండి. శాంక్షన్ ఆర్డర్ తీసి చూపించే పీఐలు ఉన్నారు. మాట దాటేస్తే ల్యాబ్‌లో ఇప్పుడున్న స్కాలర్లను, పోయిన వేసవిలో స్టైపెండ్ ఎప్పుడు పడిందో కనుక్కోండి. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ ఆశ పెడితే, ఈ డబ్బు అయిపోయాక ఫెలోషిప్ ఎక్కణ్నుంచి వస్తుందో కూడా ఆ పూటే అడగాలి.