సోమశిల మీద డిబేట్ స్పీచ్ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

తొమ్మిదో తరగతి పిల్లల డిబేట్ కోసం, సోమశిల డ్యామ్ కావాలి అనే వైపు నువ్వు రాసిన స్పీచ్ చదివా. మొదటి పేరా తీసెయ్, ఆధునిక దేవాలయాలు అని నెహ్రూ మాట అందరూ చెప్తారు, జడ్జీలు అప్పుడే వినడం ఆపేస్తారు. మన పెన్నతోనే మొదలుపెట్టు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే కనపడే ఏరు, నీళ్లొచ్చేది కొన్ని రోజులే, ఆ కొన్ని రోజుల నీళ్లని పట్టి పెట్టుకోకపోతే అన్నీ సముద్రంలోకే. నెల్లూరు, సంగం ఆనకట్టలు బ్రిటిష్ కాలంలోనే ఉండాయి గదా అని ఎవరైనా అంటే, అవి నీళ్లని కాలవలకి మళ్లిస్తాయే గానీ నిల్వ చెయ్యవు అని చెప్పించు. సోమశిలలో 78 టీఎంసీలు పడతాయి, తేడా అదే.

ఇంక అసలు సంగతి. డ్యామ్ ఉంటే వరద రాదు అని రాశావు చూడు, అక్కడే అవతలి జట్టు నిన్ను పట్టుకుంటుంది. 2021 నవంబర్‌లో ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ తెగింది, కింద పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, మధ్యలో సోమశిల ఉండి కూడా. ఎందుకంటే మనకి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలప్పుడు, రబీ వరి కోసం డ్యామ్ నిండుగా ఉండాలని రైతు కోరుకునేదీ అప్పుడే, వరదకి ఖాళీ కావాల్సిందీ అప్పుడే.

దీన్ని లెక్కతో చూపించు, పిల్లలకి బాగా ఎక్కుతుంది. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీ. డ్యామ్‌లో 10 టీఎంసీల ఖాళీ ఉండి పైనించి 4 లక్షలు వస్తుంటే, గేట్లు మూసి పెడితే ఏడు గంటల్లో నిండిపోద్ది, ఆ తర్వాత వచ్చింది వచ్చినట్టు వదలాల్సిందే. అదే 20 టీఎంసీలు ఖాళీ పెట్టి, 4 లక్షలు వస్తుంటే 2 లక్షలే వదిలారనుకో, దాదాపు 28 గంటలు నెల్లూరుకి సగం వరదే వస్తుంది. ఆ టైంలో లోతట్టు జనాన్ని ఖాళీ చేయించొచ్చు.

కాబట్టి మన వాదన డ్యామ్ వరదని ఆపేస్తుందని కాదు, నవంబర్‌లో కొంత ఖాళీ ఉంచే రూలుతో నడిపితే డ్యామ్ కావాలి అని. వానలు పడకపోతే ఆ 20 టీఎంసీలు రైతుకి తగ్గుతాయి, అది కూడా స్పీచ్ చెప్పే పిల్లోడి నోటితోనే చెప్పించు, అవతలోళ్లు అడిగేదాకా ఆగొద్దు.

ఇంకోటి, ముంపు. నీళ్లు ఎక్కువ పారేది నెల్లూరు పొలాలకి, ఊళ్లు మునిగింది కడప వైపు. నువ్వు దీన్ని అసలు ముట్టుకోలేదు. నాకైతే అవతలి వైపు ఉన్న గట్టి పాయింట్ ఇదే, దీనికి లెక్కలతో జవాబు చెప్పబోకు, నీళ్లు వాడుకునేవాళ్లే వాళ్లకి బాకీ ఉండారు అని ఒప్పుకుని, పునరావాసం పూర్తయ్యాకే నీళ్లు నింపాలి అని అడిగించు. స్పీచ్‌లో ఇది మధ్యలో పెట్టు, చివరి నిమిషం నవంబర్ లెక్కకి ఉంచు, ఎదురు ప్రశ్నలు దాని మీదే వస్తాయి.