చూడని పెళ్లికొడుకు గురించి ఏమని రాయాలి?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీలో ఉంటాం. ఇంజినీరింగ్ నాలుగేళ్లూ నా పక్కనే కూర్చున్న స్నేహితురాలిది గాజువాక. మొన్న ఆదివారం విజయనగరంలో తన నిశ్చితార్థం అయిపోయింది. వాట్సాప్ స్టేటస్‌లో ఫోటో చూసేదాకా నాకు తెలియనే తెలియదు. పెద్దలు చూసిన సంబంధం, అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగమట. నేను అతన్ని ఎప్పుడూ చూడలేదు. రెండేళ్ల క్రితం తను వేరే అబ్బాయిని ఇష్టపడి చాలా బాధపడింది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. మూడు రోజులుగా మెసేజ్ టైప్ చేస్తున్నాను, చెరిపేస్తున్నాను. ‘సూపర్ జోడీ, నువ్వు చాలా లక్కీ’ అని రాస్తే అబద్ధం చెప్పినట్టు ఉంది. ఏమీ రాయకపోతే కుళ్లుకుంటున్నానని అనుకుంటుందేమోనని టెన్షన్. ఏం రాయమంటారు?

జవాబు: ముందుగా, ఈ రోజే రాయండి. ఆలస్యమైందని దిగులు పడకండి. నిశ్చితార్థం రోజున ఆడపిల్ల ఫోన్‌కి బంధువులవి, ఆఫీసువాళ్లవి, అపార్ట్‌మెంట్ వాళ్లవి కుప్పలుగా మెసేజ్‌లు వస్తాయి. అన్నింటికీ ఒకే దండం బొమ్మ పెట్టి వదిలేస్తుంది. నాలుగో రోజున ఇల్లు సద్దుమణుగుతుంది. అప్పుడు వచ్చిన మాటను ఆమె నిదానంగా చదువుతుంది. ‘సారీ, బిజీగా ఉన్నాను’ అని మొదలుపెట్టకండి. అది నిజం కాదు, మీ ఇద్దరి మధ్యా ఆ మర్యాద అవసరమూ లేదు.

‘లక్కీ’ అన్న మాట చెరిపేసి మంచి పని చేశారు. ‘నువ్వు అదృష్టవంతురాలివే’ అంటే అతను ఆమె కంటే ఒక మెట్టు పైన ఉన్నాడని, ఆ సంబంధం ఆమెకు దొరకడమే గొప్పని అర్థం వస్తుంది. పాతకాలపు ఇంగ్లీషు మర్యాదల్లో కూడా ఇదే జాగ్రత్త ఉండేది. పెళ్లి కుదిరితే ‘కంగ్రాట్యులేషన్స్’ అని అబ్బాయికి చెప్పేవారు, అమ్మాయికి మాత్రం శుభాకాంక్షలు చెప్పేవారు. అమ్మాయిని అభినందిస్తే ‘ఎలాగో ఒకణ్ణి సంపాదించావు’ అన్నట్టు వినిపిస్తుందని వాళ్ల భయం. ఇప్పుడు ఆ తేడా ఎవరూ పట్టించుకోరు, మనవాళ్లు ఇద్దరికీ ‘కంగ్రాట్స్’ అనే అంటారు, తప్పులేదు. కానీ ‘మంచి సంబంధం పట్టేశావే’, ‘బెంగళూరు అల్లుడా, ఇంకేం కావాలి’ లాంటి మాటల్లో ఆ పాత ముల్లు అలాగే ఉంది. ఇప్పటికే పిన్నులూ అత్తయ్యలూ ఆమెకు అవి సరిపడా చెప్పి ఉంటారు.

‘సూపర్ జోడీ’ దగ్గర మీ చెయ్యి ఎందుకు ఆగిందో నాకు బాగా తెలుసు. నా వయసు మీ అంతే ఉన్నప్పుడు నా స్నేహితురాలు ఒకామె కాబోయే భర్త ఫోటో నాకు చూపించింది. ‘ఎంత నెమ్మదస్తుడో ముఖంలోనే తెలుస్తోంది, నువ్వు కళ్లు మూసుకుని చేసుకో’ అన్నాను. ప్రేమతోనే అన్నాను. రెండు నెలలకు ఆ అబ్బాయి ఫోన్లో మాటమాటకూ విసుక్కోవడం, ఎక్కడికి వెళ్లావని నిలదీయడం మొదలుపెట్టాడు. ఆమె ఆ సంగతి నాకు చెప్పలేదు. నిశ్చితార్థం రద్దయ్యాక అడిగితే, ‘నువ్వే అంత మంచివాడన్నావు కదే, తప్పు నాదేనేమో అనుకున్నాను’ అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. చూడని మనిషిని పొగడటం అంటే వాళ్లకి మన పేరు మీద పూచీకత్తు ఇవ్వడమే. రేపు ఆమెకి చిన్న అనుమానం వచ్చినా మన పూచీకత్తు అడ్డం నిలబడుతుంది. తెగడ్త కూడా అంతే. ‘బెంగళూరువాడు, బాగా కనుక్కున్నారా మీ ఇంట్లో?’ అని రాస్తే రేపు ఆమె సంతోషాన్నీ మీకు చెప్పుకోలేదు.

అందుకని అతని మీద తీర్పు ఏదీ వద్దు. అలాగని అతన్ని పూర్తిగా వదిలేసి రాస్తే ఆమెకి అదీ తెలిసిపోతుంది. మీ దగ్గర అతని గురించి నిజంగా ఉన్నవి రెండే. ఒకటి, అతన్ని ఇంకా చూడలేదన్న సంగతి. రెండు, తెలుసుకోవాలన్న కోరిక. ఆ రెండూ ఉన్నవి ఉన్నట్టు రాయండి. ‘నేనింకా చూడలేదు’ అని ఒప్పుకోవడం మర్యాదకు లోటని చాలామంది అనుకుంటారు. స్నేహితురాలికి మాత్రం అది ఎంతో తేలిగ్గా ఉంటుంది, ఎందుకంటే అతని గురించి మీకు మొదట చెప్పే అవకాశం ఆమెకే దక్కుతుంది.

అడిగే ప్రశ్న చిన్నదిగా ఉండాలి. పెద్దలు కుదిర్చిన సంబంధంలో నిశ్చితార్థం నాటికి అమ్మాయి అబ్బాయిని పెళ్లిచూపుల్లో ఒకసారి, మహా అయితే బయట ఒకటి రెండుసార్లు చూసి ఉంటుంది. కొంత ఫోన్ మాటలు ఉండొచ్చు. అతన్ని ఆమె కూడా ఇప్పుడిప్పుడే తెలుసుకుంటోంది. అలాంటప్పుడు ‘ఎలాంటివాడే?’ అంటే పరీక్షలో పది మార్కుల ప్రశ్నలా ఉంటుంది. ‘బాగానే ఉంటాడు’ అని తేల్చేస్తుంది. ప్యాకేజీ ఎంత, సొంత ఇల్లుందా, ఎంత ఇస్తున్నారు అనేవి అసలే వద్దు. ఆమెకి జవాబు తెలిసిన ప్రశ్న అడగండి. ఫోన్లో మొదటిసారి దేని గురించి మాట్లాడుకున్నారో ఏ అమ్మాయికైనా గుర్తుంటుంది. అక్కడి నుంచి తనంతట తనే చెబుతుంది.

నేనైతే ఇలా రాస్తాను. ఇందులో చీర రంగు నా ఊహ, మీరు ఫోటోలో నిజంగా చూసింది పెట్టండి:

‘ఏమే, నీ ఫోటో చూశాను. ఆకుపచ్చ చీరలో, ఆ జడలో నిన్ను చూస్తుంటే మన కాలేజీ ఫేర్‌వెల్ రోజు గుర్తొచ్చింది. నువ్వు నవ్వుతుంటే నాకు చాలా సంతోషమేసింది. అతన్ని నేనింకా చూడలేదు కదా, నీ నోటితోనే వినాలనుంది. మొదటిసారి ఫోన్లో ఏం మాట్లాడుకున్నారు? తీరిక దొరికినప్పుడు చెప్పు, ఎంతసేపైనా వింటాను. మీ ఇద్దరూ హాయిగా ఉండాలని కోరుకుంటున్నాను.’

ఇందులో మీకు తెలియని విషయం ఒక్కటీ లేదు. మొదటి మూడు మాటలూ ఆమె గురించి, అవి మీరు కళ్లారా చూసినవి. ఫోటోలో ఆమె నవ్వు లేకపోతే ఆ వాక్యం తీసేయండి, లేని నవ్వు రాయొద్దు. చివర ‘మీ ఇద్దరూ’ అన్న చోట అతనికీ చోటు దక్కింది. దీన్ని ఆమెకి విడిగా పంపండి. గ్రూపులో అందరితో పాటు ఒక ‘కంగ్రాట్స్’ పెట్టినా సరే, అసలు మాట మాత్రం ఆమె ఒక్కదానికే వెళ్లాలి.

మీ ఉత్తరంలో ఇంకో నొప్పి కూడా కనిపిస్తోంది. నాకు ముందే ఎందుకు చెప్పలేదు అన్నది. న్యాయమైన బాధే. కానీ మన ఇళ్లలో సంగతి మీకూ తెలుసు. తాంబూలాలు మార్చుకునేదాకా ఎవరికీ చెప్పొద్దని అమ్మలు గట్టిగా చెబుతారు. దిష్టి తగులుతుందని కొంత, మాట అటూ ఇటూ అయితే నలుగురికీ జవాబు చెప్పుకోవాలని కొంత. మీ స్నేహితురాలు మీ నుంచి దాచిందనడం కంటే ఇంట్లో మాట దాటలేకపోయిందనే అవకాశమే ఎక్కువ. ఈ అభినందనలో మాత్రం ఆ ఊసు వద్దు. ‘మాకు చెప్పకుండానే కానిచ్చేశావా’ అని సరదాగా రాసినా అది నిష్ఠూరంలాగే చేరుతుంది. నాలుగైదు వారాలు పోయాక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు, ‘స్టేటస్‌లో చూసి మనసు కొంచెం చివుక్కుమంది’ అని ఒక్కసారి చెప్పండి, చాలు.

పాత ప్రేమ గురించి మెసేజ్‌లో ఒక్క అక్షరం కూడా ఉండకూడదు. నిశ్చితార్థమైన అమ్మాయి ఫోన్ ఆ రోజుల్లో ఆమె ఒక్కదాని చేతిలోనే ఉండదు. ఫోటోలు చూపించమని చెల్లెలు తీసుకుంటుంది, ఆడపడుచు తీసుకుంటుంది. ‘పాతవన్నీ మర్చిపో’, ‘చివరికి నీకూ మంచి రోజులొచ్చాయి’ అని దీవించినట్టు రాసే మాటల్లోనూ ఆ సంగతి తొంగిచూస్తుంది. చదివిన మూడో మనిషి ‘ఏంటవి?’ అని అడుగుతారు. ఆ విషయం ఎత్తే హక్కు ఆమెది. ఆమె ఎత్తితే ఫోన్లో కాదు, పక్కన కూర్చుని వినండి.

ఫోన్ చేసినప్పుడు ఆమె ఉత్సాహంలో ‘ఉండు, తను కూడా లైన్లో ఉన్నాడు, మాట్లాడు’ అని అతన్ని కలిపేయొచ్చు. చాలామంది అక్కడే తడబడతారు. పిలుపు దగ్గర కంగారుపడకండి. ‘బావగారు’ అనాలా ‘అన్నయ్య’ అనాలా అన్నది ముందు ముందు మీ స్నేహితురాలే తేల్చేస్తుంది. మొదటిసారికి పేరు పక్కన ‘గారు’ చేర్చితే సరిపోతుంది. ‘శుభాకాంక్షలండీ, ఫోటోలు చూశాను, మిమ్మల్ని కలవాలని ఎదురుచూస్తున్నాను’ అనండి. ‘మా పిల్లని బాగా చూసుకోవాలి సుమా’ అనే అలవాటు మనలో చాలామందికి ఉంది. మొదటి మాటే హెచ్చరికలా ఉంటుంది, వద్దు. ‘ఇది కాలేజీలో ఎంత అల్లరి చేసేదో’ అంటూ ఆమె కథలు విప్పడమూ వద్దు. ఏవి చెప్పాలో ఏవి వద్దో ఆమె ఇంకా తేల్చుకోలేదు.

ఇక ఆమె జవాబు. ఒక చిన్న సంగతి చెప్పిందంటే, అతనికి కాఫీ పడదనో, మొదటి కాల్‌లో ఇద్దరూ వానల గురించే మాట్లాడుకున్నారనో, మీ మాట సరైన చోట చేరినట్టే. ఆ సంగతి గుర్తుపెట్టుకుని తర్వాతి ఫోన్లో దాని గురించే అడగండి. అతను మీకు ఫోటోలోంచి మనిషిగా మారేది అలాగే. ఉత్త బొమ్మలు పెట్టి వదిలేస్తే అలిసిపోయిందని అనుకోండి, వారం ఆగండి. ‘ఏమో, ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు’ అంటూ తన మాట ఎక్కడా రాకుండా మాట్లాడుతుంటే మాత్రం మెసేజ్‌లు ఆపి వెళ్లి కలవండి. ‘మరి నువ్వు?’ అని ఒక్కటే అడిగి ఆగండి. సలహా వద్దు, అతని మీద వ్యాఖ్య వద్దు. ఎక్కువసార్లు అది కొత్త బెరుకే అయి ఉంటుంది. ఇష్టం లేకుండా ఒప్పించారనో, పెట్టుపోతల దగ్గర ఒత్తిడి ఉందనో చెబితే నాకు మళ్లీ రాయండి, అది వేరే జవాబు.

ముహూర్తం ఎప్పుడో మీరు రాయలేదు. మధ్యలో ఆషాఢమో మూఢమో వస్తే పెళ్లి నెలల తరబడి వెనక్కి వెళ్లొచ్చు. కాబట్టి పెళ్లి దాకా ఆగకుండా ఈ ఆదివారమే గాజువాక వెళ్లండి. మల్లెపూలు, ఆమెకిష్టమైన స్వీటు పట్టుకెళ్లండి. తలుపు తీసేది ఆమె తల్లి కావచ్చు. ఆవిడకి కూడా ఒక అభినందన బాకీ ఉన్నారు మీరు. ‘ఆంటీ, కాబోయే అల్లుడుగారి గురించి నాకేమీ తెలీదు, మీరే చెప్పాలి’ అనండి. టీ చల్లారేదాకా ఆవిడే చెబుతుంది.