బయోలో ముందు రావాల్సింది ఏది?

ప్రశ్న: ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చివరి ఏడాది చదువుతున్నాను. ఆరోగ్య రంగంలో పనిచేసే ఒక సంస్థలో డేటా ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేస్తే, రెజ్యూమెతో పాటు 100 పదాల లోపు బయో పంపమన్నారు. స్కూలు నుంచి ఇప్పటిదాకా వరసగా రాశాను. చదివిన మా సీనియర్ ‘ఇందులో నువ్వేం చేస్తావో తెలియట్లేదు’ అంది. నాన్నేమో చదరంగం పతకం ముందు పెట్టమంటున్నారు. వరస మారిస్తే ఏదో దాస్తున్నానని అనుకోరా? నేను రాసింది కింద ఇస్తున్నాను.

‘నేను 2020లో స్కూలు చదువు ముగించి, అదే ఏడాది డిగ్రీలో చేరి, 2021లో రక్తదాన శిబిరాల్లో వాలంటీరుగా పనిచేసి, 2022లో చదరంగం పోటీలో పతకం గెలిచి, 2023లో డిగ్రీ పూర్తిచేసి, ఏడాది పాటు కాల్ సెంటర్‌లో పనిచేసి, 2024లో ఎమ్మెస్సీలో చేరాను. ప్రస్తుతం ఆస్పత్రి డేటాపై ప్రాజెక్టు చేస్తున్నాను.’

జవాబు: మీ సీనియర్ సరిగ్గానే పట్టుకుంది. ఆ సంస్థవాళ్లకు మీలో అన్నిటికన్నా పనికొచ్చే విషయం ఆస్పత్రి డేటాపై ప్రాజెక్టు. అది చిట్టచివరి వాక్యంలో, అదీ నాలుగు ముక్కల్లో తేలిపోయింది. స్కూలు ఎప్పుడు ముగించారన్నది మొదట ఉంది. దరఖాస్తులు చూసేవాళ్ల ముందు ఇలాంటివి దొంతరగా ఉంటాయి. మొదటి రెండు వాక్యాల్లో పనికొచ్చేదేమీ కనబడకపోతే చూపు కిందికి జారిపోతుంది.

ఇందులో మన భాష అలవాటు కూడా కొంత ఉంది. ‘ముగించి, చేరి, పనిచేసి, గెలిచి’ అని ఒకదానికొకటి తగిలించుకుంటూ పోవడం మనకు చాలా సులువు. ఆ గొలుసు ఒకసారి మొదలైతే వాక్యం కాలక్రమంలోనే నడుస్తుంది, అసలు క్రియ చివరికి పోతుంది. అందుకని ముందు గొలుసు తెంచండి. ఒక్కో విషయాన్ని ఒక్కో లైనుగా, ఏడాదితో సహా విడివిడిగా కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు ప్రతి లైను పక్కనా, ఇది చదివేవాళ్ల ఏ సందేహాన్ని తీరుస్తుందో రాయండి.

మీ విషయంలో ఆ సందేహాలు ఊహించడం కష్టం కాదు. ఈ అమ్మాయి నిజమైన ఆరోగ్య రికార్డులతో ఎప్పుడైనా పనిచేసిందా? సగం ఖాళీగా, తప్పులతో వచ్చే డేటాను ఏం చేయాలో తెలుసా? చదువు ఎంతవరకు వచ్చింది? ప్రాజెక్టు మొదటి రెండు సందేహాలకూ జవాబిస్తుంది. రక్తదాన శిబిరం సంగతి మీరు తేలిగ్గా తీసుకున్నారు గానీ, అక్కడ మీరు దాతల వివరాలు రాసుకుని కంప్యూటర్లో ఎక్కించి ఉంటే అది సేవ ఖాతాలోకి కాదు, డేటా అనుభవం ఖాతాలోకి వస్తుంది. స్కూలు లైను పక్కన రాయడానికి ఏమీ దొరకదు. దాన్ని తీసేయండి, రెజ్యూమెలో ఎలాగూ ఉంటుంది.

చదరంగం పతకం దగ్గర నాన్నగారితో నేను ఒప్పుకోను. పెద్ద ఘనత వేరు, ఈ చదువరికి అవసరమైన విషయం వేరు. పతకం ముందుంటే వాళ్ల మనసులో మీరు చదరంగం ఆడే అమ్మాయిగా పడిపోతారు, డేటా అమ్మాయిగా పడరు. చోటు మిగిలితే చివర్లో ఒక ముక్కగా ఉండనివ్వండి.

ఇక తిరగరాసిన రూపం ఇలా ఉండొచ్చు. ప్రాజెక్టు, శిబిరం వివరాలు నేను ఊహించి పెట్టినవి. అక్కడ మీరు నిజంగా చేసినవే రాయండి.

‘ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చివరి ఏడాది చదువుతున్నాను. ఒక ఆస్పత్రి అవుట్‌పేషెంట్ విభాగంలో రోగులు డాక్టరు కోసం ఎంతసేపు ఎదురుచూడాల్సి వస్తోందో నా ప్రాజెక్టులో విశ్లేషిస్తున్నాను. రోగి వచ్చిన సమయం నమోదు కాని రికార్డులను ఏం చేయాలన్నదే నా ప్రాజెక్టులో పెద్ద పని. 2021లో, డిగ్రీ చదువుతుండగా, రక్తదాన శిబిరాల్లో దాతల వివరాలు రాసుకుని ఎక్సెల్‌లో ఎక్కించాను. 2023లో డిగ్రీ పూర్తిచేశాను. ఎమ్మెస్సీకి ముందు ఏడాది పాటు కాల్ సెంటర్‌లో పనిచేశాను. 2022లో చదరంగం పోటీలో పతకం గెలిచాను.’

ఇక్కడ వరస మారినా, ఉంచిన ప్రతి ఏడాదీ తన విషయాన్ని అంటిపెట్టుకుని ఉంది. దాస్తున్నానేమోనన్న మీ టెన్షన్‌కి ఇదే జవాబు. వరస మార్చడం వల్ల ఎవరూ అనుమానించరు. ఎప్పుడు జరిగిందో తేలకుండా రాస్తే మాత్రం అనుమానిస్తారు. పాత పనిని పైకి తెచ్చినప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. ‘రక్తదాన శిబిరాల్లో దాతల వివరాలు నమోదు చేస్తాను’ అని రాస్తే ఇప్పటికీ చేస్తున్నారనుకుంటారు. ‘2021లో’, ‘ఎక్కించాను’ ఈ రెండూ కలిస్తేనే అది అయిపోయిన పని అని తెలుస్తుంది.

వరస మార్చాక తప్పకుండా వెతకాల్సినవి ‘ఆ తర్వాత’, ‘అప్పటి నుంచి’, ‘అదే ఏడాది’ లాంటి మాటలు. పాత వరసలో ఇవి పక్క వాక్యం మీద ఆనుకుని నిలబడ్డాయి. వాక్యం చోటు మారగానే ఆ ఆసరా పోతుంది. మీ పాత బయోలో ‘అదే ఏడాది డిగ్రీలో చేరి’ అని ఉంది కదా, స్కూలు సంగతి తీసేస్తే ఏ ఏడాదో ఎవరికీ తెలియదు. అందుకే ఒక్కో వాక్యాన్ని విడిగా తీసి చదివి చూడండి, ఒంటరిగా అర్థం కావాలి. ఇలా రాసినందువల్ల ఇంకో సుఖం కూడా ఉంది. రేపు ఎవరైనా 50 పదాలే కావాలంటే కింది నుంచి కత్తిరించుకుంటూ వస్తే సరిపోతుంది. పాత బయోను అలా కత్తిరిస్తే మొదట పోయేది ప్రాజెక్టే.

చదివేవాళ్లు మారితే వరసా మారుతుంది. రేపు మీరు జూనియర్లకు లెక్కలు చెప్పే పనికి అప్లై చేశారనుకోండి. అప్పుడు కాల్ సెంటర్ ఏడాది పైకి వస్తుంది, ఎందుకంటే విసుక్కోకుండా వినడం, మళ్లీ విడమర్చి చెప్పడం అక్కడ రోజూ చేసి ఉంటారు. ప్రాజెక్టు ఒక్క వాక్యానికి తగ్గిపోతుంది. అందుకని బయో ఒకటే అచ్చువేసి అందరికీ పంపొద్దు. విడివిడి లైన్ల కాగితం దాచుకుంటే ప్రతిసారీ అందులోంచి ఏరుకోవచ్చు.

రెజ్యూమెలో మాత్రం ఈ స్వేచ్ఛ తీసుకోకండి. అక్కడ ఏడాదుల వరసే చూస్తారు, సాధారణంగా ఇటీవలిది ముందు, పాతది వెనక. దరఖాస్తు ఫారంలో గళ్లు ఏ వరసలో ఉంటే ఆ వరసే. మధ్యలో ఖాళీ ఏడాది ఏమైనా ఉందా అని చూసుకునేది కూడా ఆ కాగితాల్లోనే. కాల్ సెంటర్ ఏడాది అక్కడ తేదీలతో ఉండాలి. బయోలో దాన్ని చివరికి నెట్టినా, మొత్తానికే తీసేసినా తప్పు లేదు.

పంపే ముందు ఇద్దరితో ఒక పని చేయించండి. మీ చదువు గురించి పెద్దగా తెలియని వాళ్లయితే మంచిది. బయోలో మొదటి రెండు వాక్యాలే చూపించి, మిగతాది చేత్తో మూసి, ‘ఈ అమ్మాయిని ఏ పనికి తీసుకోవచ్చు?’ అని అడగండి. ‘ఆస్పత్రి లెక్కలు చూసే పని’ లాంటి జవాబు వస్తే వరస కుదిరినట్టే. ‘టీచరా?’ అనో, ‘ఏమో’ అనో అంటే మొదటి వాక్యాలు మళ్లీ చూసుకోవాలి. ఆ తర్వాత బయోనీ రెజ్యూమెనీ పక్కపక్కన పెట్టి ఏడాదులు సరిపోల్చండి. బయోలో 2023 అని, రెజ్యూమెలో 2022 అని ఉంటే వరస ఎంత బాగా కుదిరినా వాళ్ల కళ్లు అక్కడే ఆగుతాయి.