ఒక కస్టమరు మాట, ఒక ఫ్లెక్సీ

ప్రశ్న: మాది చిన్న గానుగ నూనె వ్యాపారం. మా నూనె వాడాక షుగరు తగ్గిందని ఒక కస్టమరు తనంతట తానే మెసేజ్ పెట్టారు. దాన్ని ప్రకటనలో వేసుకోవచ్చా? రిఫైన్డ్ నూనెతో పోల్చి రాస్తే కేసు అవుతుందా?

ఆ మెసేజ్‌ను వాడవద్దు. ఆయన అనుమతి ఇచ్చినా, అది అక్షరాలా ఆయన మాటే అయినా వాడవద్దు. ఇదే తప్పు నేను చేసి ఉన్నాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

అనంతపురంలో మేము గానుగ పెట్టిన రెండో ఏడాది, నెలనెలా మా దగ్గర వేరుశనగ నూనె తీసుకునే ఒక రిటైర్డ్ మాస్టారు, మూడు నెలల్లో తనకు షుగరు బాగా తగ్గిందనీ, అది మా నూనె చలవేననీ చెప్పారు. నేను సంతోషంతో ఆయన ఫొటో అడిగి తీసుకుని, ఆ మాటను ఫ్లెక్సీ మీద వేయించి, ఆయనకు ఐదు కిలోల డబ్బా కానుకగా ఇచ్చాను. రెండు నెలల తరువాత ఒక పెద్దావిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. ఫ్లెక్సీ చూసి మా నూనెకు మారానని, ఇక అవసరం లేదనుకుని మాత్రలు మానేశానని, షుగరు పెరిగి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నానని చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. "ఆ సారుకు తగ్గింది కదా నాయనా, నాకెందుకు తగ్గలేదు?" అని మాత్రమే అడిగింది.

సమాధానం తోచక ఆ సాయంత్రమే మాస్టారి ఇంటికి వెళ్ళాను. అదే మూడు నెలల్లో డాక్టరు తన మాత్ర మోతాదు పెంచారనీ, ఉదయం నడక మొదలుపెట్టాననీ, రాత్రి అన్నం మాని జొన్న రొట్టె తింటున్నాననీ ఆయన వివరంగా చెప్పారు. ఆయన తన నమ్మకాన్ని నిజాయితీగానే చెప్పారు. దాన్ని మిగతా విషయాల నుంచి విడదీసి, నూనె ఫలితంగా ఊరికి చాటింది నేను. ఆ రాత్రే ఫ్లెక్సీ దించేశాను.

చట్టం కూడా ఇదే చోట పట్టుకుంటుంది. ముఖ్యమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచినా అది తప్పుదోవ పట్టించే ప్రకటనే అవుతుందని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. మొదటిసారికే 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. ఇక ఆహార పదార్థం వ్యాధిని నయం చేస్తుందని చెప్పడాన్ని 2018 నాటి ఆహార ప్రకటనల నిబంధనలే నిషేధించాయి. "నేను అనలేదు, కస్టమరు అన్నారు" అన్న వాదన నిలవదు, ఎందుకంటే ప్రకటన మనది. నేనిచ్చిన డబ్బా కూడా చిన్న విషయం కాదు: మెచ్చుకున్న వ్యక్తికి అమ్మకందారు ఏదైనా ముట్టజెప్పి, అది మెప్పు విలువను ప్రభావితం చేసేదైతే, ఆ సంగతిని ప్రకటనలోనే చెప్పాలని అదే ప్రాధికార సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కోరుతున్నాయి.

పోలిక విషయానికి వస్తే, పోల్చడం తప్పు కాదు, ఎదుటి సరుకును కించపరచడమే చట్టం దృష్టిలో తప్పు. "మా నూనెకు సాటి లేదు" అన్నది సొంత గొప్ప మాత్రమే, కోర్టులు దాన్ని సహిస్తాయి. "రిఫైన్డ్ నూనె విషం" అంటే మాత్రం, ఏ కంపెనీ పేరూ రాయకపోయినా మీరు చిక్కుల్లో పడతారు. ఎర్ర పళ్ళపొడిని మొత్తంగా చెడుగా చూపిన కోల్గేట్ ప్రకటన మీద, ఆ పొడి తయారుచేసే డాబర్ కోర్టుకు వెళ్ళినప్పుడు, 2004లో ఢిల్లీ హైకోర్టు పేరు పెట్టకపోయినా ఆ రకం సరుకు మొత్తాన్ని కించపరచడం ఆక్షేపణీయమేనని చెప్పింది.

మరొక మాట ఇక్కడే చెప్పాలి. మా ఊళ్ళో ఫ్లెక్సీ ప్రింటింగ్ వారు నూనె అనగానే అడగకుండానే గుండె బొమ్మ పెట్టి, "కొలెస్ట్రాల్ లేదు" అని చేరుస్తారు. ఇది నాకు చాలా బాధ కలిగిస్తుంది. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగినంత కొలెస్ట్రాల్ ఉండదు కనుక, ఆ వాక్యం నిజమే అయినా పక్క దుకాణం నూనెలో అది ఉందన్న అబద్ధాన్ని కొనేవారి మనసులో నాటుతుంది. ప్రింటింగుకు ముందు నమూనాను మీరే పూర్తిగా చదవండి.

మేమిప్పుడు చెప్పేది రుజువు చూపగలిగినదే. మా గానుగలో ఒక కిలో నూనెకు సుమారు రెండున్నర కిలోల వేరుశనగ పప్పు పడుతుంది, మా ధర ఎక్కువ కావడానికి అదే కారణమని బోర్డు మీద రాశాం. ఏ రోజు ఎంత పప్పు వేశామో, ఎంత నూనె వచ్చిందో పుస్తకంలో రాసి, అడిగినవారికి చూపిస్తాం. కస్టమర్ల మాటల్లో రుచి, వాసన, సమయానికి అందించడం గురించి చెప్పినవే, తేదీతో సహా, అనుమతి తీసుకుని వేస్తాం. మీకు మెసేజ్ పెట్టిన వారికి కృతజ్ఞతలు చెప్పి, మాత్రలు మాత్రం డాక్టరును అడగకుండా మానవద్దని తప్పక రాయండి.