రీవాల్యుయేషన్ నోటీసు పిల్లలకు అర్థం కావాలంటే

"అన్నా, కడపలో ఒక డిగ్రీ కాలేజీ ఎగ్జామ్ సెక్షన్‌లో చేస్తున్నా. 'రీకౌంటింగ్/రీవాల్యుయేషన్ కోరు విద్యార్థులు ఫలితాల ప్రకటన తేదీ నుండి 15 రోజులలోగా నిర్ణీత రుసుము చెల్లించవలెను' అని నోటీసు పెడితే రోజంతా ఫోన్లే. ఎలా మార్చాలి?"

తమ్ముడూ, ముందు ఆ '15 రోజులు' తీసెయ్. జూన్ 10న రిజల్ట్స్ వచ్చాయనుకో. ఆ రోజును కలిపితే గడువు 24, కలపకపోతే 25. మామూలుగా చట్టంలో 'తేదీ నుండి' అంటే మొదటి రోజును లెక్కలోకి తీసుకోరు, కానీ పిల్లలకు ఆ సంగతేం తెలుసు? లెక్క నువ్వే వేసి ఇలా రాయి: 'చివరి తేదీ: జూన్ 25, సాయంత్రం 5 గంటలు.'

'రీకౌంటింగ్/రీవాల్యుయేషన్' మధ్యలో ఉన్న ఆ గీటు ఇంకా పెద్ద తంటా. రీకౌంటింగ్‌లో కూడిక సరిచూస్తారు, దిద్దకుండా వదిలేసిన జవాబు ఉందేమో చూస్తారు. రీవాల్యుయేషన్‌లో పేపర్ మళ్లీ దిద్దుతారు. రెండింటినీ ఒక్కో వాక్యంలో విడివిడిగా చెప్పు. లేకపోతే రీకౌంటింగ్‌కు కట్టి, మార్కులు పెరగలేదని నీ కిటికీ దగ్గరే గొడవ పడతారు.

ఫీజు అంకెల్లో ఉండాలి, లెక్కతో సహా. పేపర్‌కు 800 అయితే: 'రెండు పేపర్లకు 1,600 రూపాయలు.' కింద ఇంకో లైను: 'ఫీజు కట్టాక అప్లికేషన్ కూడా సబ్మిట్ చేయాలి.' చాలామంది పేమెంట్ అవ్వగానే పని అయిపోయిందనుకుంటారు.

రీవాల్యుయేషన్‌లో మార్కులు తగ్గితే పాతవి ఖాయమో కొత్తవి ఖాయమో మీ యూనివర్సిటీ రూల్ చూసి రాయి, ఊహించి మాత్రం రాయొద్దు.